ఓటీపీ చెప్పడం అనుమతి ఇవ్వడం కాదు: చిన్న ఆఫీసులో డబ్బు పనుల్ని ఎలా విడదీయాలి

బెంగళూరు పీణ్యాలో ఒక చిన్న వ్యాపారం ఉందనుకోండి. మోటారు పంపుల స్పేర్ పార్టులు కోయంబత్తూరు నుంచి తెప్పించి హిందూపురం, అనంతపురం, కోలారు, చిత్తూరు షాపులకు సరఫరా చేస్తారు. ఆఫీసులో మొత్తం ఆరుగురు: యజమాని, అకౌంటెంట్, బిల్లింగ్ చూసే అమ్మాయి, గోడౌన్ చూసే అబ్బాయి, బయట తిరిగే సేల్స్ వాళ్లిద్దరు. నెలకు అమ్మకం 60 లక్షలు. ఈ ఆఫీసు నేను కల్పించిందే. కానీ ఇక్కడ పనులు జరిగే తీరులో కల్పన ఏమీ లేదు. చిన్న ఆఫీసుల లెక్కలు చూసేవాళ్లెవరికైనా ఇది బాగా తెలిసిన తీరే.

అకౌంటెంట్‌ది యజమాని సొంత మండలం. తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాడు. యజమానిని అన్నా అని పిలుస్తాడు, పండగకి ఇద్దరూ ఒకే కారులో ఊరికి వెళ్తారు. లారీ బాడుగ బిల్లు వస్తే తీసుకునేది అతనే, కట్టాలా వద్దా అని తేల్చేది అతనే. నెట్ బ్యాంకింగ్‌లో పేరు ఎక్కించి డబ్బు పంపేదీ, ట్యాలీలో ఎంట్రీ వేసేదీ, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసేదీ అతనే. ఆ స్టేట్‌మెంట్ వచ్చేది కూడా అతను తెరిచే ఆఫీసు మెయిల్‌కే. యజమాని దగ్గర ఉన్నదల్లా ఓటీపీ వచ్చే ఫోన్. ఆ ఫోన్ తన జేబులో ఉన్నంతవరకు తనకు తెలియకుండా ఒక్క రూపాయి కూడా బయటికి పోదని ఆయన గట్టి నమ్మకం.

ఇదే నమ్మకం నేను చాలామంది యజమానుల దగ్గర విన్నాను. అందుకే ముందు ఇది ఎందుకు నిలబడదో చూడాలి.

కోయంబత్తూరు సరుకుకు లారీ బాడుగ నెలకు సుమారు లక్షా 20 వేలు అవుతుంది, అంటే అమ్మకంలో 2 శాతం. చిన్న లారీల వాళ్ల బిల్లులు చాలావరకు చేతిరాతవి. వాటి మీద జీఎస్టీ వేసి ఉండదు. అకౌంటెంట్ ఒకరోజు తన బంధువు అకౌంటును, చివర ‘ట్రాన్స్‌పోర్ట్’ అని వచ్చే ఒక పేరుతో, బెనిఫిషియరీగా ఎక్కించాడు. బజారులో దొరికే బిల్లు పుస్తకం కొని 12 వేలకు ఒక బిల్లు రాశాడు. యజమాని హిందూపురంలో వసూళ్ల కోసం తిరుగుతున్నప్పుడు ఫోన్ చేశాడు.

“అన్నా, లారీ వాళ్లది ఒక పేమెంట్ ఉంది. ఓటీపీ వచ్చింటుంది, చెప్పు.”

“వచ్చిందిరా, రాసుకో.”

యజమాని ఆరంకెలు చదివాడు. డబ్బు పోయింది. మొదటి మూడు నెలలు నెలకు 12 వేల చొప్పున పంపాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాత తొమ్మిది నెలలు నెలకు 36 వేలు, రెండు మూడు ముక్కలుగా. మొత్తం ఏడాదికి 3 లక్షల 60 వేలు.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈ ఏడాదంతా బ్యాంకు లెక్క రూపాయి తేడా లేకుండా సరిపోయింది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 36 వేలు పోయినట్టు ఉంది, ట్యాలీలోనూ 36 వేలు పోయినట్టే ఉంది. రీకాన్సిలియేషన్ చూసేది ఆ రెండూ కలిశాయా లేదా అనే. డబ్బు చేరిన మనిషి నిజంగా లారీ నడిపాడా, ఆ రోజు సరుకు వచ్చిందా అని అది అడగదు. ఎంట్రీ దాచి దొంగతనం చేసేవాడు రీకాన్సిలియేషన్‌లో దొరుకుతాడు. చక్కగా ఎంట్రీ వేసి, దానికి ఒక బిల్లు కూడా జతచేసి చేసేవాడు దొరకడు. పైగా సరిచూసేవాడూ అతనే అయినప్పుడు, నెలనెలా ‘అంతా టాలీ అయింది అన్నా’ అన్న మాట యజమానికి ఇంకా ధైర్యాన్నిస్తుంది.

బాడుగ ఖాతానే ఎందుకు ఎంచుకున్నాడన్నది కూడా చూడాలి. కోయంబత్తూరు కంపెనీ పేరుతో దొంగ కొనుగోలు బిల్లు పెట్టి, దాని మీద జీఎస్టీ క్రెడిట్, అంటే కొనుగోలులో కట్టిన పన్నును మన పన్నులోంచి తగ్గించుకునే మొత్తం, చూపితే అది త్వరగా బయటపడేది. అమ్మినవాళ్లు రిటర్న్‌లో చూపిన బిల్లులే మనకు తర్వాతి నెల జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బీ అనే పట్టీలో కనిపిస్తాయి. అక్కడ లేని బిల్లుకు క్రెడిట్ రాదు, రిటర్న్ వేసేటప్పుడు ఆ తేడా కనబడుతుంది. సరుకుగా ఎక్కిస్తే గోడౌన్‌లో స్టాక్ కూడా పుస్తకంతో కలవదు. బాడుగ, రిపేర్లు, ప్యాకింగ్, హమాలీ లాంటి ఖర్చులకు ఈ ఇబ్బంది లేదు. సరుకు మిగలదు, జీఎస్టీ ఉండకపోవచ్చు, రేటు రోజూ మారుతుంది. చిన్న ఆఫీసులో డబ్బు కారిపోతోందన్న అనుమానం వస్తే నేను ముందు తెరిచేవి ఈ ఖాతాలే.

ఇప్పుడు ఇది ఎలా కనిపెట్టవచ్చో చూద్దాం. నెలకు 36 వేలు చేరాక బాడుగ లక్షా 56 వేలు అయింది. అమ్మకం అదే 60 లక్షలు. అంటే 2 శాతం ఉన్నది 2.6 అయింది. ఏడాది చివర ఒకే మొత్తంగా చూస్తే ఇది కళ్లకు ఆనదు. పన్నెండు నెలలనూ పక్కపక్కన పెట్టి, ప్రతి నెలా బాడుగను అమ్మకంతో భాగిస్తే నాలుగో నెలలో మెట్టు ఎక్కినట్టు కనబడుతుంది. అయితే ఇది అనుమానానికి ఆధారమే, రుజువు కాదు. డీజిల్ పెరిగిందనో, చిన్న చిన్న లోడ్లు ఎక్కువ వచ్చాయనో అకౌంటెంట్ చెప్పొచ్చు, కొన్నిసార్లు అది నిజమూ కావచ్చు.

రుజువు బండి నంబరులో ఉంటుంది. తమిళనాడు నుంచి కర్ణాటకకు 50 వేలు దాటిన సరుకు వస్తే, సరుకు రవాణా కోసం ప్రభుత్వ పోర్టల్‌లో తీసే ఈ-వే బిల్లు ఉండాలి. సరుకు తెచ్చే బండి నంబరు అందులో ఉంటుంది. గోడౌన్ అబ్బాయి సరుకు దించుకున్నప్పుడు తన రిజిస్టర్‌లో తేదీ, బండి నంబరు, పెట్టెల లెక్క రాస్తాడు. బాడుగ బిల్లు మీదున్న బండి నంబరు ఈ రెండింటిలోనూ ఉండాలి. దొంగ బిల్లు రాసేవాడు బిల్లు సృష్టించగలడు గానీ, కోయంబత్తూరు కంపెనీ తీసిన ఈ-వే బిల్లును సృష్టించలేడు. గోడౌన్ రిజిస్టర్ అతని చేతిలో లేకపోతే దాన్నీ మార్చలేడు. పది బిల్లులు తీసి ఇలా కలిపి చూస్తే ఒక పూట పని. ఒక్క బిల్లు కలవకపోయినా మిగతావన్నీ తీయాల్సిందే.

ఇంతవరకు చెప్పిన వ్యవహారంలో అకౌంటెంట్ గొప్ప తెలివి ఏమీ చూపించలేదు. అతను చేసిన ప్రతి అడుగూ తన మామూలు పనిలో భాగమే. మోసం సాధ్యమైంది, అన్ని అడుగులూ ఒకే మనిషి వేయగలిగాడు కాబట్టి. పనుల విభజన అనే నియంత్రణ పుట్టింది ఇక్కడే. డబ్బుకు సంబంధించిన ఏ వ్యవహారంలోనైనా నాలుగు పనులు ఉంటాయి: ఇది కట్టాలి అని అనుమతించడం, డబ్బును నిజంగా కదపడం, పుస్తకంలో రాయడం, తర్వాత సరిచూడటం. పెద్ద కంపెనీలో నాలుగింటికీ నలుగురు ఉంటారు. ఆరుగురున్న ఆఫీసులో అంతమంది దొరకరు. అందుకని చాలామంది ‘ఇవన్నీ పెద్దవాళ్లకు’ అని వదిలేస్తారు. నిజానికి నాలుగింటినీ విడదీయనక్కర్లేదు. ఏ రెండు కలిసి ఒకే చేతిలో ఉంటే ప్రమాదమో తెలుసుకుని వాటిని విడదీస్తే చాలు.

డబ్బు కదిపేవాడే పుస్తకం రాస్తే, తీసుకున్నదాన్ని ఖర్చుగా రాసేయొచ్చు. మన కథలో జరిగిందదే. రాసేవాడే సరిచూస్తే తప్పు బయటపడే చివరి అవకాశం కూడా పోతుంది. కొత్త పార్టీని ఎక్కించేవాడే దానికి డబ్బు పంపితే, లేని పార్టీని పుట్టించవచ్చు. ఈ మూడు జంటల్ని విడగొట్టగలిగితే, మిగతావి కలిసే ఉన్నా చిన్న ఆఫీసు చాలావరకు గట్టిపడుతుంది. అనుమతి ఇవ్వడం, సరిచూడటం రెండూ యజమాని దగ్గరే ఉండిపోతే పెద్ద నష్టం లేదు, ఆ డబ్బు ఆయనదే కాబట్టి.

మన పీణ్యా ఆఫీసులో దీన్ని అమలు చేస్తే ఇలా ఉంటుంది. లారీ బిల్లు ముందు గోడౌన్ అబ్బాయి దగ్గరికి వెళ్తుంది. అతను రిజిస్టర్ చూసి బండి నంబరు కలిస్తేనే సంతకం పెడతాడు. ఆ సంతకం ఉన్న బిల్లునే అకౌంటెంట్ ట్యాలీలో ఎక్కిస్తాడు. శుక్రవారం కట్టాల్సిన బిల్లుల జాబితా తీసి, బ్యాంకులో పేమెంట్లు తయారు చేసి పెడతాడు, అంతే. పంపడం అతని చేతిలో ఉండదు. యజమాని తన సొంత లాగిన్‌తో, తన ఫోన్‌లో ప్రతి పేమెంట్ తెరిచి, పేరూ మొత్తం చూసి ఆమోదిస్తాడు. బ్యాంకువాళ్లు దీన్ని మేకర్-చెకర్ అంటారు. కరెంట్ అకౌంట్ ఉన్న వ్యాపారాలకు చాలా బ్యాంకులు ఈ సౌకర్యం ఇస్తాయి. బ్రాంచిలో అడిగి ఫారం నింపాలి. ఫారంలో ఒక గడి మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. కొత్త బెనిఫిషియరీని ఎక్కించడానికి కూడా చెకర్ ఆమోదం తప్పనిసరి అని పెట్టించాలి. ఇది వదిలేస్తే పేమెంట్‌కి కాపలా ఉంటుంది గానీ, కొత్త పేర్లు ఎక్కే తలుపు తెరిచే ఉంటుంది.

ఓటీపీ ఫోన్లో చెప్పడానికీ దీనికీ తేడా ఏమిటని అడగొచ్చు. ఓటీపీ ఉన్నది, లాగిన్ అయిన మనిషి నిజంగా ఆ మనిషేనా అని బ్యాంకు తేల్చుకోవడానికి. దాన్ని చదివి వినిపించినప్పుడు యజమాని ఆ పేమెంట్‌ను పరిశీలించినట్టు కాదు, తన గుర్తింపును అకౌంటెంట్‌కు అరువిచ్చినట్టు. రేపు గొడవ వస్తే బ్యాంకు రికార్డులో ఆ పేమెంట్ చేసింది యజమానే అని ఉంటుంది. చెకర్ లాగిన్‌లో అలా కాదు, ఎవరు తయారు చేశారో ఎవరు ఆమోదించారో రెండు పేర్లూ నిలుస్తాయి. అయితే యజమాని ప్రయాణంలో ఉన్నాడని, టెన్షన్‌లో ఉన్నాడని చెకర్ పాస్‌వర్డ్ కూడా అకౌంటెంట్‌కు ఇచ్చేస్తే ఈ ఏర్పాటంతా ఆ క్షణంలోనే పోతుంది. దీనికి మందు శుక్రవారం అనే నియమం. పేమెంట్లు వారానికి ఒకసారే అంటే అర్జెంటు ఫోన్లు తగ్గిపోతాయి. నిజంగా అర్జెంటైన లారీ బాడుగ ఒకటీ అరా వస్తే, యజమానే తన ఫోన్‌లో అరనిమిషంలో ఆమోదించవచ్చు.

కొత్త పార్టీని ఎక్కించేటప్పుడు క్యాన్సిల్ చేసిన చెక్కు తీసుకుని, ఆ పార్టీకి ఫోన్ చేసి మాట్లాడాలి. ఆ ఫోన్ అకౌంటెంట్ కాక ఇంకొకరు చేయాలి, ఇక్కడ బిల్లింగ్ అమ్మాయి చేయొచ్చు. పాత పార్టీ బ్యాంకు అకౌంటు మారిందని ఉత్తరమో మెయిలో వస్తే, అందులో ఉన్న నంబరుకు కాకుండా మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకే చేయాలి. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు జమయ్యేది అకౌంటు నంబరును బట్టి. పేరు తప్పున్నా డబ్బు చేరిపోయేది. అందుకే రిజర్వ్ బ్యాంకు, పంపే ముందు అకౌంటుదారు అసలు పేరు చూసుకునే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికల్లా ఇవ్వాలని బ్యాంకులను ఆదేశించింది. మన కథలో ఇది పనికొచ్చేది. ట్రాన్స్‌పోర్ట్ అని రాసిన చోట ఒక మనిషి పేరు కనబడేది. కానీ ఆ బంధువు అదే ట్రాన్స్‌పోర్ట్ పేరుతో కరెంట్ అకౌంట్ తెరిచి ఉంటే పేరు కలిసిపోయేది. పేరు కలవడం వల్ల అకౌంటు ఎవరిదో తెలుస్తుంది, వాళ్లు మనకు పని చేశారా అన్నది తెలియదు. దానికి గోడౌన్ సంతకమే కావాలి.

ఇన్ని మార్పులు ఒకేసారి చేయలేని యజమాని ‘ఒక్కటి చెప్పు’ అంటే, నేను బ్యాంకు స్టేట్‌మెంట్ అంటాను. స్టేట్‌మెంట్ అకౌంటెంట్ చేతుల మీదుగా రాకూడదు. అతను ఇచ్చే ఎక్సెల్ ఫైలూ, ప్రింటూ మార్చడానికి వీలైనవే. యజమాని తన లాగిన్‌తో స్వయంగా దించుకోవాలి, ఈ వ్యాపారం పేరు మీద బ్యాంకులో ఉన్న అన్ని అకౌంట్లవీ. నెలకు ఒకసారి కూర్చుని బయటికి పోయిన ప్రతి వరుసా చదవాలి. తెలియని పేరు కనబడితే బిల్లు అడగాలి. దాంతోపాటు బెనిఫిషియరీల జాబితా కూడా దించి, ఆ అకౌంటు నంబర్లను సిబ్బంది జీతాల అకౌంట్లతో పోల్చాలి. రెండు పార్టీలకు ఒకే అకౌంటు నంబరు ఉన్నా, ఏ పార్టీ నంబరైనా సిబ్బందిలో ఒకరి అకౌంటుతో కలిసినా అక్కడ ఆగాలి. ఈ ఆఫీసు సైజుకు ఇది గంట పని. యజమానికి తీరిక లేకపోతే ఇంట్లో లెక్కలు తెలిసినవాళ్లు చేయొచ్చు, లేదా అకౌంటెంట్‌తో సంబంధం లేని పార్ట్‌టైమ్ మనిషికి అప్పగించవచ్చు.

స్టేట్‌మెంట్ ఇంకొకరి చేతికి వెళ్లడం ఎంత పని చేస్తుందో అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని డిక్సన్ అనే ఊరు చూపించింది. ఆ ఊరి జనాభా సుమారు 16 వేలు. మునిసిపాలిటీ ఆర్థిక వ్యవహారాలన్నీ రీటా క్రండ్‌వెల్ అనే అధికారి ఒక్కతే చూసేది. 1990 డిసెంబరులో ఆమె ఊరి పేరు మీదే ఒక రహస్య అకౌంట్ తెరిచింది. రాష్ట్ర ప్రభుత్వం పంపినట్టు దొంగ ఇన్వాయిస్‌లు తయారుచేసి, ఊరి డబ్బును ఆ అకౌంటుకు మళ్లించింది. ఏటా ఆడిట్ జరుగుతూనే ఉంది. 2011లో ఆమె ఎక్కువ రోజులు సెలవులో ఉన్నప్పుడు, ఆ పని చూసిన సిటీ క్లర్క్ అన్ని అకౌంట్ల స్టేట్‌మెంట్లూ పంపమని బ్యాంకును అడిగింది. వచ్చిన కాగితాల్లో ఎవరికీ తెలియని ఆ అకౌంట్ ఉంది. 2012 ఏప్రిల్‌లో అరెస్టు జరిగింది. ఇరవై ఏళ్లలో పోయిన మొత్తం 5 కోట్ల 30 లక్షల డాలర్లకు పైమాటే. 2013లో ఆమెకు 19 ఏళ్ల 7 నెలల శిక్ష పడింది. అక్కడా బిల్లు చేసింది, డబ్బు కదిపింది, రాసింది, సరిచూసింది ఒక్కరే. మొత్తం చిన్నదైనా పెద్దదైనా ఆకారం పీణ్యాదే.

సెలవు గురించి ఒక మాట చెప్పాలి. ఎనిమిది తొమ్మిదేళ్లుగా రెండు రోజులకు మించి సెలవు పెట్టని అకౌంటెంట్‌ను యజమానులు మెచ్చుకుంటారు. చాలామంది నిజంగానే పనిమీద ప్రేమతో రోజూ వస్తారు, వాళ్లను అనుమానించనక్కర్లేదు. అయినా దొంగ బిల్లుల వ్యవహారం నడిపేవాడు కుర్చీ వదలలేడు. ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చుంటే లారీవాళ్ల ఫోన్ వాళ్లెత్తుతారు, బిల్లుల ఫైలు వాళ్లు తెరుస్తారు. రిజర్వ్ బ్యాంకు కూడా కీలకమైన చోట్ల పనిచేసే బ్యాంకు ఉద్యోగులకు ఏటా కనీసం 10 పనిదినాలు ఒకే విడతలో, ముందుగా చెప్పకుండా సెలవు ఇవ్వాలని నియమం పెట్టింది. చిన్న ఆఫీసులో వారం చాలు. కానీ ఆ వారం అతని పని ఆపేసి పక్కన పెట్టకూడదు, ఇంకొకరు చేయాలి. ‘వచ్చాక అతనే చూసుకుంటాడు’ అంటే సెలవు ఇచ్చిన ప్రయోజనం లేదు.

ఈ విభజనకు లొంగనివీ ఉన్నాయి. గోడౌన్ అబ్బాయి, అకౌంటెంట్ కలిసిపోతే బండి నంబరు సంతకం విలువ పోతుంది. అప్పుడు మిగిలేవి కోయంబత్తూరు కంపెనీ ఈ-వే బిల్లులు, యజమాని చదివే స్టేట్‌మెంటు. అందుకే భార్యాభర్తలనో అన్నదమ్ములనో ఇలాంటి జంట పనుల్లో పెట్టకూడదు. వసూళ్ల వైపు వేరే దారి ఉంది. సేల్స్ మనిషి ఒక షాపు ఇచ్చిన నగదు వాడుకుని, తర్వాత ఇంకో షాపు ఇచ్చిన డబ్బుతో దాన్ని పూడుస్తూ పోవచ్చు. దానికి ఆఫీసు నుంచే షాపులకు నేరుగా ప్రతి నెలా బాకీ స్టేట్‌మెంట్ వెళ్లాలి, పేమెంట్ల మీద ఎంత కాపలా పెట్టినా అది ఆగదు. ఆడిటర్ మీద ఆధారపడటం కూడా చాలదు. ఆయన ఏడాదికొకసారి వచ్చి చూసేది చూపించిన వోచర్లనే, ప్రతి బిల్లుకూ బండి నంబరు వెతకడు.

అకౌంటెంట్‌తో ఈ మార్పుల గురించి ఎలా మాట్లాడాలన్నది చాలామంది యజమానులను ఆపేసే చోటు. ‘తొమ్మిదేళ్ల మనిషిని అవమానించినట్టు అవుతుంది కదా’ అంటారు. నేను ఇలా చెప్పమంటాను: “నువ్వు తప్పు చేశావని కాదురా. రేపు ఎక్కడైనా తేడా వస్తే అన్నీ నీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి నిన్నే అడుగుతారు. మిగతావాళ్ల సంతకం ఉంటే నీ మీదికి రాదు.” ఇది లౌక్యం కోసం చెప్పే మాట కాదు. గోడౌన్‌లో సరుకు తగ్గినా, సేల్స్ మనిషి డబ్బు ఎగ్గొట్టినా, విభజన లేని ఆఫీసులో ముందు అనుమానపడేది అకౌంటెంట్‌నే. నిజాయితీగా పనిచేసేవాడికి ఈ ఏర్పాటు రక్షణ. చాలామంది అకౌంటెంట్లు దీన్ని ఒప్పుకుంటారు, కొందరు ఊపిరి పీల్చుకుంటారు కూడా.

ఏదో జరిగిందన్న గట్టి అనుమానం ఇప్పటికే ఉంటే, మాట్లాడటం మొదటి పని కాకూడదు. ముందు యజమాని తన లాగిన్‌తో రెండేళ్ల స్టేట్‌మెంట్లు, బెనిఫిషియరీల జాబితా దించుకోవాలి. ట్యాలీ డేటా బ్యాకప్ తీసి ఆఫీసు బయట పెట్టాలి. బాడుగ బిల్లుల ఫైలు, గోడౌన్ రిజిస్టర్ తన దగ్గర ఉంచుకోవాలి. బ్యాంకుకు వెళ్లి నెట్ బ్యాంకింగ్ హక్కులు మార్పించాలి. పది బిల్లులకు బండి నంబర్లు కలిపి చూసి, కలవనివి పక్కన రాసుకోవాలి. ఆ కాగితం చేతిలో ఉన్నాకే అకౌంటెంట్‌ను లోపలికి పిలవాలి, ఆ గదిలో ఇంకొక మనిషిని కూడా కూర్చోబెట్టుకుని.